వంద పార్శిళ్ల ఖర్చు ఎనభై కుర్తాలు మోయాలి

(మంగళగిరి నూలు బట్టతో కుర్తాలు కుట్టించి సొంత వెబ్‌సైట్ ద్వారా అమ్ముతున్న చిన్న వ్యాపారుల కోసం చేసిన ప్రసంగం, రాతలో)

అందరికీ నమస్కారం. ఈరోజు ఒకే ఒక్క లెక్క చేద్దాం. కుర్తా పేజీ మీద ‘ఫ్రీ డెలివరీ’ అని పెట్టాక ఆ డెలివరీ ఖర్చు కుర్తా ధరలోకి ఎంత రావాలి? కాగితం, పెన్ను తీసుకోండి. అంకెలు తక్కువే, కానీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి.

మామూలుగా లెక్క ఇలా వేస్తారు. కుర్తా మన చేతికి వచ్చేసరికి 420 రూపాయలు అయింది. కొరియర్ 65, ప్యాకింగ్ 18. మనకు మిగలాల్సింది 220. కలిపితే 723. దాని మీద 5 శాతం జీఎస్టీ వేస్తే 759. ఇక 759 పెట్టేసి ఫ్రీ డెలివరీ అని రాసేస్తారు. కూడికలో తప్పేం లేదు. అయినా నెలాఖరుకి బ్యాంకులో డబ్బు లెక్కకు సరిపోదు. ఎందుకంటే ఈ కూడిక అంతా పంపిన ప్రతి పార్శిల్ అమ్ముడుపోతుందనే ఊహ మీద నిలబడి ఉంది. పార్శిల్ బయటికి వెళ్లడం వేరు, అమ్మకం నిలవడం వేరు.

పార్శిల్‌కి అమ్మకం నిలవకుండా పోయే దారులు రెండు. మొదటిది, కస్టమర్ దాన్ని తీసుకోనే లేదు. ఇంట్లో లేరు, ఫోన్ ఎత్తలేదు, తలుపు దగ్గర వద్దన్నారు. కొరియర్ వాళ్లు దీన్ని ఆర్టీఓ అంటారు, అంటే రిటర్న్ టు ఆరిజిన్. రవాణా శాఖ ఆర్టీఓతో దీనికి సంబంధం లేదు. రెండోది, తీసుకున్నారు, చూసుకున్నారు, సైజు సరిపోలేదనో రంగు నచ్చలేదనో వెనక్కి పంపారు. ఇది కస్టమర్ రిటర్న్. ఈ రెండింటినీ ఒకే ఖాతాలో కలిపి రాయకండి. ఆర్టీఓలో సీఓడీ ఫీజు, అంటే క్యాష్ ఆన్ డెలివరీకి కొరియర్ వాళ్లు తీసుకునే ఫీజు, పడదు, రిటర్న్‌లో అప్పటికే పడిపోయి ఉంటుంది. ఆర్టీఓ సరుకు సాధారణంగా కవరు కూడా విప్పకుండా వస్తుంది, రిటర్న్ సరుకు ఒకసారి ఒంటి మీదికి వెళ్లి వస్తుంది. ఖర్చూ వేరు, మందూ వేరు.

సరే, ఇప్పుడు వంద ఆర్డర్లు తీసుకుందాం. ఒక్క ఆర్డర్ మీద కాకుండా వంద మీద చేస్తే శాతాలు మనుషుల్లా కనబడతాయి. ఇక్కడ నేను వాడే రేట్లు ఉదాహరణ కోసం అనుకున్నవి. మీ కొరియర్ రేటు కార్డు, మీ రిజిస్టర్ చూసి మీ అంకెలు పెట్టుకోవాలి, పద్ధతి మాత్రం ఇదే. రేట్లన్నీ జీఎస్టీ లేకుండా చెబుతున్నాను. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే కొరియర్ బిల్లు మీద కట్టిన 18 శాతం క్రెడిట్‌గా తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు, జీఎస్టీ కాంపొజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు ఆ 18 శాతం కూడా ఖర్చే. ప్రతి రేటుకీ కలుపుకోండి.

వంద ఆర్డర్లలో 60 క్యాష్ ఆన్ డెలివరీ, 40 ముందే డబ్బు కట్టినవి. సీఓడీ 60లో 12 ఆర్టీఓ అయ్యాయి, అంటే ఐదింట ఒకటి. ప్రీపెయిడ్‌లో ఒకటి అయింది. మొత్తం 13. కాబట్టి కస్టమర్ చేతికి చేరినవి 87. అందులో 7 రిటర్న్ వచ్చాయి: సీఓడీవి 4, ప్రీపెయిడ్‌వి 3. చివరికి నిలిచిన అమ్మకాలు 80. ఈ 80ని గుర్తుపెట్టుకోండి. ఖర్చు పెట్టింది 100 పార్శిళ్ల మీద, డబ్బు వచ్చేది 80 కుర్తాల మీద.

ముందు పార్శిళ్లు వెళ్లడానికి అయ్యే కొరియర్ ఖర్చు. మన రెండు రాష్ట్రాల్లోకి 50 పార్శిళ్లు 50 రూపాయల చొప్పున 2,500. మిగతా దేశానికి 40 పార్శిళ్లు 75 చొప్పున 3,000. ఈశాన్య రాష్ట్రాలు, జమ్మూకశ్మీర్ వంటి దూరపు జోన్లకు 10 పార్శిళ్లు 100 చొప్పున 1,000. మొత్తం 6,500, అంటే సగటు 65. ఈ సగటు ఎలా వచ్చిందో చూశారు కదా. రేటు కార్డులో కనిపించే అన్నిటికంటే తక్కువ రేటు పెట్టకూడదు, మీ ఆర్డర్లు ఎక్కడెక్కడికి వెళుతున్నాయో ఆ నిష్పత్తిలోనే తీయాలి. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన అస్సాంలో బాగా తిరిగిన నెలలో సగటు మారిపోతుంది.

ఆర్టీఓ తిరుగు ప్రయాణానికి 13 పార్శిళ్లు, 65 చొప్పున 845. సీఓడీ ఫీజు ఒక్కో పార్శిల్‌కి 45 అనుకుందాం. కొరియర్ వాళ్లు సాధారణంగా ‘ఇంత రూపాయలు లేదా ఆర్డర్ విలువలో ఇంత శాతం, ఏది ఎక్కువైతే అది’ అని రాస్తారు. 850 రూపాయల సరుకులో 2 శాతం అంటే 17 రూపాయలే కాబట్టి మనకు ఆ కనీస మొత్తమే పడుతుంది. ఇది చేరిన సీఓడీ పార్శిళ్లు 48కి, అంటే 2,160. ఆర్టీఓ అయిన 12కి ఈ ఫీజు వెనక్కి ఇవ్వాలి. ఇచ్చారో లేదో బిల్లులో ఒక్కో ఏడబ్ల్యూబీ నంబరు, అంటే పార్శిల్ ట్రాకింగ్ నంబరు, పట్టుకుని చూడండి. ముందు కోసేసి తర్వాత సర్దుబాటు చేసే పద్ధతి ఉన్నచోట ఆ సర్దుబాటు తప్పిపోతే అడిగేవాళ్లు మీరు తప్ప ఎవరూ లేరు.

రిటర్న్ పికప్ ఇంటి దగ్గర నుంచి తీసుకోవాలి కాబట్టి రేటు కాస్త ఎక్కువ, 85 అనుకుందాం. ఏడింటికి 595. తిరిగొచ్చిన 20 కుర్తాలను మళ్లీ ఇస్త్రీ చేసి, మడిచి, ట్యాగ్ కట్టడానికి 15 చొప్పున 300. అందులో మూడు మళ్లీ కొత్తవిగా అమ్మడానికి పనికిరాలేదు: ఒకటి దారిలో తడిసింది, ఒకటి ఉతికి పంపారు, ఒకటి మెడ దగ్గర పౌడర్ మరక. వాటిని తగ్గించి అమ్మితే ఒక్కోదాని మీద 210 పోయిందనుకుంటే 630. ఇక ప్యాకింగ్ వందకీ 18 చొప్పున 1,800.

కూడదాం. 6,500, 845, 2,160, 595, 300, 630, 1,800. మొత్తం 12,830. దీన్ని వందతో భాగిస్తే 128. చాలామంది ఇక్కడిదాకా సరిగ్గా వచ్చి ఇక్కడే జారిపోతారు. భాగించాల్సింది 80తో. 160 రూపాయల 40 పైసలు వస్తుంది. ఫ్రీ డెలివరీకి ఒక కుర్తా మోయాల్సిన అసలు బరువు ఇది. ఇంతకు ముందు 65కి 18 కలిపి 83 అనుకున్నాం, దాదాపు రెట్టింపు అయింది.

ఇంకొక్క ఖర్చు మిగిలింది, పేమెంట్ గేట్‌వే. 40 ప్రీపెయిడ్ ఆర్డర్ల మీద 2 శాతం. రీఫండ్ ఇచ్చినా ఈ ఫీజు సాధారణంగా వెనక్కి రాదు కాబట్టి 40కీ లెక్కేయాలి. 40 ఆర్డర్ల 2 శాతం అంటే ఒక ధరలో 80 శాతం. దాన్ని 80 కుర్తాలకు పంచితే ఒక్కో కుర్తాకి ధరలో సరిగ్గా 1 శాతం. ఇది ధర మీద ఆధారపడే ఖర్చు కాబట్టి రూపాయల్లో కలపకూడదు, భాగహారంలోకి తీసుకెళ్లాలి. జీఎస్టీ కూడా అంతే. ఇలాంటి కుర్తాకి జీఎస్టీ 5 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న రెడీమేడ్ దుస్తులకు ఈ రేటు వర్తిస్తోంది, అంతకుముందు ఈ హద్దు 1,000 ఉండేది. కస్టమర్ కట్టే ధరలోనే ఈ పన్ను ఉంటుంది. అది మనది కాదు, కాబట్టి ధరను 1.05తో భాగిస్తేనే మన వాటా తెలుస్తుంది. షీట్‌లో ఇలా రాసుకోండి:

```
=(420+160.4+220)/(1/1.05-0.01)
```

849 రూపాయల 30 పైసలు వస్తుంది. ధర 849 పెట్టండి.

ఇదే వందమంది కస్టమర్లకు 759కే అమ్మి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. 759లో జీఎస్టీ, గేట్‌వే పోను మన దగ్గర నిలిచేది 715. కుర్తా ఖర్చు 420, డెలివరీ భారం 160 తీస్తే మిగిలేది 135. కుర్తాకి 220 మిగులుతుందనీ, వంద ఆర్డర్లకు 22,000 వస్తుందనీ అనుకున్న మనిషి చేతికి వచ్చేది ఎనభై 135లు, దాదాపు 10,800. ఆ 220లోంచే ప్రకటనల ఖర్చు, గది అద్దె, ప్యాకింగ్ చేసే మనిషి జీతం వెళ్లాలి. ప్రకటన ఖర్చు కూడా ఆర్డర్‌కి పడుతుందే కానీ నిలిచిన అమ్మకానికి కాదు. ఆర్డర్‌కి 100 రూపాయలు ప్రకటనకు పోతుంటే కుర్తాకి 125 పోతున్నట్టు. 135లోంచి 125 తీసి చూడండి, ఇంకేం మిగిలిందో.

ఒక్క ఆర్టీఓ ఎంత తింటుందో కూడా విడిగా చూడాలి. వెళ్లడానికి 65, రావడానికి 65, ప్యాకింగ్ 18, ఇస్త్రీ 15. మొత్తం 163. కుర్తా మీద 220 మిగులుతుంటే ఒక ఆర్టీఓ దానిలో ముక్కాలు భాగం మింగేస్తుంది. పైగా ఆ కుర్తా రెండు మూడు వారాలు రోడ్ల మీదే తిరుగుతుంది. ఆ సైజు అడిగిన వేరే కస్టమర్‌కు ‘స్టాక్ లేదు’ అని చూపిస్తుంటాం.

ఇప్పుడు సీఓడీ సంగతి. వందనీ రెండు కుప్పలుగా విడగొడదాం. ప్రీపెయిడ్ కుప్పలో నిలిచిన అమ్మకాలు 36. వాటి డెలివరీ ఖర్చులన్నీ 3,910, కుర్తాకి సుమారు 109. గేట్‌వే 19 కలిపితే 128. సీఓడీ కుప్పలో నిలిచినవి 44, ఖర్చు 8,920, కుర్తాకి 203. తేడా 75 రూపాయలు. ముందే డబ్బు కట్టిన మనిషి, సీఓడీ వాళ్ల ఖర్చులో కొంత తన ధరలో మోస్తున్నాడన్నమాట.

ఇది చూడగానే ‘అయితే ప్రీపెయిడ్‌కి 75 తగ్గిద్దాం’ అనిపిస్తుంది. ఆగాలి. సీఓడీలో ఎలాగూ తీసుకునే మనిషి తగ్గింపు చూసి ప్రీపెయిడ్‌కి మారితే మీకు కచ్చితంగా మిగిలేది సీఓడీ ఫీజు 45లోంచి గేట్‌వే 17 పోను 28 రూపాయలు, అంతే. మిగతా 47లో ఎక్కువ భాగం ఆర్టీఓల వల్ల వచ్చింది. పార్శిల్ వద్దనే మనిషి ముందే డబ్బు కట్టడు, తగ్గింపు ఇచ్చినా కట్టడు. అతను ఆర్డర్ పెట్టడం మానేస్తే తప్ప ఆ ఖర్చు పోదు. దీనికి తోడు, ముందు నుంచే ప్రీపెయిడ్ కడుతున్న 40 మందికి కూడా ఆ తగ్గింపు ఇవ్వాల్సి వస్తుంది. అందుకే 75 తగ్గింపు నష్టం తెస్తుంది. నా సలహా, ప్రీపెయిడ్‌కి 20, 25తో మొదలుపెట్టి, దాన్ని కూడా 849కి ఆ మేరకు కలిపాకే ఇవ్వండి.

ఆర్టీఓ మీద నిజంగా పనిచేసేది వేరే ఉంది, సీఓడీకి కొంత అడ్వాన్స్. 849లో 100 యూపీఐలో ముందు, మిగతా 749 తలుపు దగ్గర. వంద కట్టిన చెయ్యి పార్శిల్‌ని తేలిగ్గా వద్దనదు. ఆర్డర్లు కొన్ని తగ్గుతాయి, అది నిజం. తగ్గేవాటిలో తిరిగొచ్చేవి ఎన్నో మీ పిన్‌కోడ్ల రికార్డు చెబుతుంది. అందుకే అందరికీ ఒకేసారి పెట్టకుండా, ముందు ఆర్టీఓ ఎక్కువున్న పిన్‌కోడ్లకు పెట్టి చూడండి. పార్శిల్ తీసుకోకపోతే అడ్వాన్స్ తిరిగిరాదనేది కట్టే ముందే తెలుగులో, ఇంగ్లిషులో స్పష్టంగా కనబడాలి.

సీఓడీకి విడిగా 49 రూపాయలు వసూలు చేయడం ఇంకో దారి. తప్పేం లేదు, కానీ ఎక్కడ చూపిస్తున్నారన్నది ముఖ్యం. పేజీ మీద ఒక ధర చూపించి, చివరి మెట్టు దగ్గర కొత్త చార్జీ కలపడాన్ని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో డ్రిప్ ప్రైసింగ్ పేరుతో నిషేధించింది. ‘సీఓడీ అయితే 49 అదనం’ అన్నమాట కుర్తా పేజీలో ధర పక్కనే ఉండాలి. ఇంకో సంగతి, ముందే ప్యాక్ చేసి అమ్మే సరుకు లేబుల్ మీద ఎమ్మార్పీ ఉంటుంది కదా, డెలివరీ కలిపిన ధర దాన్ని దాటకూడదు. పాత లేబుల్ 799 అని ఉండి వెబ్‌సైట్‌లో 849 పెడితే కస్టమర్ చేతిలోనే సాక్ష్యం ఉంటుంది. ధర మార్చే ముందే లేబుళ్లు చూసుకోండి.

ఇక బరువు. ఈ లెక్కంతా అర కిలో స్లాబు మీద నడుస్తోంది. మన కుర్తా ప్యాక్ చేశాక 380 గ్రాములు, హాయిగా ఉంది. కానీ కొరియర్ వాళ్లు కాటా బరువు, పరిమాణం బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5,000తో భాగిస్తారు. మీ ఒప్పందంలో ఆ అంకె ఎంతో చూసుకోండి. ప్లాస్టిక్ కొరియర్ కవర్లో 30, 25, 3 సెంటీమీటర్లు అయితే 0.45 కిలో, అర కిలోలోనే ఉన్నాం. అదే కుర్తాని అందంగా ఉంటుందని అట్టపెట్టెలో పెట్టి ఎత్తు 6 చేశారనుకోండి, 0.9 కిలో. ఒక్కసారిగా కిలో స్లాబు. అదనపు స్లాబుకి 55 అనుకుంటే వంద పార్శిళ్లకు 5,500, కుర్తాకి 69 రూపాయలు. ఆర్టీఓలు వెనక్కి వచ్చేటప్పుడు పడే అదనం ఇందులో ఇంకా కలపలేదు. అందమైన పెట్టె ధర 20 రూపాయలే కదా అనుకుంటాం, అది తెచ్చే ఖర్చు పెట్టె బిల్లులో కనబడదు. పార్శిల్‌ని కాటా మీద పెట్టి, టేపుతో కొలిచి, లేబుల్ కనబడేలా ఫొటో తీసి ఉంచండి. బరువు తేడా అని అదనపు బిల్లు వచ్చినప్పుడు గడువులోగా ఆ ఫొటో పెడితేనే వాదన నిలుస్తుంది.

ఇదే లెక్క రెండు కుర్తాల ఆర్డర్‌లో మనకు అనుకూలంగా తిరుగుతుంది. రెండు కలిపి 760 గ్రాములు, కిలో స్లాబు, 65కి 55 కలిపి 120. విడివిడిగా పంపితే 130 అయ్యేది. సీఓడీ ఫీజు ఒక్కసారే, కవరు ఒక్కటే. రెండు ధరల్లోనూ పూర్తి డెలివరీ భారం ఇమిడి ఉంది కాబట్టి ఇక్కడ మిగిలే డబ్బులోంచి ‘రెండు తీసుకుంటే 50 తగ్గింపు’ అని ఇవ్వొచ్చు. అదే సమయంలో 150 రూపాయల స్కార్ఫ్ లాంటి చిన్న వస్తువులో 160 కలపడం కుదరదు, ధర రెట్టింపు దాటిపోతుంది. వాటికి ‘799 పైన ఫ్రీ డెలివరీ’ అన్న హద్దే సరైనది. స్కార్ఫ్ కుర్తాతో పాటు వెళ్లాలి, ఒంటరిగా వెళ్లకూడదు.

ఇక్కడ ఒకరు ప్రశ్న అడిగారు: పక్క షాపు అలాంటి కుర్తానే 749 పెట్టి డెలివరీ 99 విడిగా తీసుకుంటోంది, మేం 849 పెడితే ఖరీదుగా కనబడమా అని. వెతికేటప్పుడు కనబడతారు, నిజమే. కార్ట్ దాకా వచ్చాక ఇద్దరిదీ దాదాపు ఒకటే మొత్తం, అక్కడ 99 చూసి ఆగిపోయేవాళ్లు వాళ్లకు ఉంటారు. ఏది ఎక్కువ అన్నది మీ కస్టమర్లు ఎక్కడి నుంచి వస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. ధరల వరుసలో పేర్చి చూసే చోట నుంచి వస్తే విడిగా పెట్టడం మేలు కావచ్చు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఆ ఒక్క కుర్తా ఫొటో చూసి వచ్చేవాళ్లకు మొత్తం ధర ఒకేసారి చెప్పడం మేలు. అయితే విడిగా 99 తీసుకున్నంత మాత్రాన ఆ షాపుకి 160 భారం పోలేదు, మిగతా 61 వాళ్ల 749లో ఉండాలి. లేకపోతే వాళ్లు తమ లాభంలోంచి కడుతున్నారు. వాళ్లను చూసి మీరు ధర దించే ముందు ఇది ఆలోచించండి.

మరొకరు అడిగారు, ఆర్టీఓ పెరిగితే ధర పెంచాలా అని. సీఓడీలో 12 బదులు 18 తిరిగొచ్చాయనుకుందాం. నిలిచిన అమ్మకాలు 74కి పడతాయి. డెలివరీ భారం 160 నుంచి 176 అవుతుంది. కుర్తాకి మిగిలేది 220 నుంచి 203కి దిగింది, పెద్ద తేడాలా అనిపించదు. కానీ వంద ఆర్డర్లకు చేతికి వచ్చేది 17,600 నుంచి సుమారు 15,000కి పడిపోయింది. అందుకే కుర్తాకి ఎంత మిగిలిందన్నది ఒక్కటే చూస్తే మోసపోతాం, వంద ఆర్డర్లకు ఎంత అన్నది చూడాలి. దీనికి 849ని 869 చేయడం మందు కాదు. అలా చేస్తే తీసుకునేవాళ్ల మీద తీసుకోనివాళ్ల ఖర్చు ఇంకా వేసినట్టే. ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని కొరియర్ వాళ్లు రాసిన రోజే ఆ నంబరుకి ఫోన్ చేయండి, పిన్‌కోడ్ చూసి అడ్వాన్స్ పెట్టండి.

శాతం ఎలా తీస్తున్నారో కూడా సరిచూసుకోండి. ఈ నెల ఆర్డర్లు 100, ఈ నెల ఆర్టీఓ 6, కాబట్టి 6 శాతం అని రాస్తే తప్పు. ఈ నెల చివరి పదిహేను రోజుల్లో పంపినవాటిలో చాలా పార్శిళ్లు ఇంకా దారిలోనే ఉంటాయి, తిరిగి రావాల్సినవి ఇంకా తిరగలేదు. అమ్మకాలు పెరుగుతున్న నెలలో ఈ తప్పు లెక్క మరీ అందంగా కనబడుతుంది. ఆర్డర్ తేదీ ప్రకారం వందను ఒక గుంపుగా కట్టి, ఆఖరి ఆర్డర్ పంపిన 30 రోజుల తర్వాత, ప్రతి ఏడబ్ల్యూబీ ‘చేరింది’ లేదా ‘తిరిగొచ్చింది’ అని తేలాకే శాతం తీయండి. రిటర్న్ గడువు 7 రోజులు ఇస్తుంటే ఆ రోజులు కూడా దాటాలి. మీ పాత వంద ఆర్డర్లు ఇలా తీసి, నిలిచిన అమ్మకాల అంకెను నేను చెప్పిన 80 స్థానంలో పెట్టి, షీట్‌లో ఈ రాత్రే లెక్క వేయండి.